ఐదు కప్పుల ఉప్పు

దేవుడికి పెట్టే వంటను ముందుగా రుచి చూడకూడదు. ఉప్పు సరిపోయిందా అని వేలు నాకితే ఆ గిన్నె ఎంగిలైనట్టే, పక్కన పెట్టి మళ్లీ వండాలి. బోధన్‌లో మా వీధి భజన మండలి వంటింట్లో ఈ కట్టుబాటు మీద ఎవరికీ రెండో మాట లేదు. నాకూ లేదు, ఇప్పటికీ లేదు. పది మందికి వండేటప్పుడు దానితో ఇబ్బంది రాదు, ఏళ్ల అలవాటున చెయ్యే కాపాడుతుంది. రెండు వందల నలభై మందికి వండేటప్పుడు చెయ్యి పనికిరాదు, నాలుక వాడరాదు. మిగిలేది లెక్క ఒక్కటే.

ఆ లెక్క మూడేళ్లు నా చేతిలో ఉండింది. బడి మొహం చూడని నాకు అంతకంటే పెద్ద సేవ ఏం దొరుకుతుంది? ప్రతి ఏడూ చలికాలంలో జరిగే దేవుడి కల్యాణానికి ఆ లెక్క కాగితం మీద రాసిచ్చి, పొయ్యికి దండం పెట్టి, నన్ను ఇంతదాకా తెచ్చినవాళ్లను ఒక్కొక్కరినీ తలుచుకునేదాన్ని.

చిన్నప్పుడు కాలికి జబ్బు చేసి రెండేళ్లు మంచం మీదే ఉన్నాను. లేచేసరికి నా ఈడు పిల్లలు పై తరగతులకు వెళ్లిపోయారు, నా ఒళ్లోకి బీడీల చాట వచ్చింది. అక్షరాలూ అంకెలూ బాపు, అంటే మా నాన్న, ఇంట్లోనే నేర్పాడు. ఆయన చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూచే కాంటా దగ్గర పని చేసేవాడు. కిలోలూ క్వింటాళ్లూ పగలంతా ఫ్యాక్టరీలో చూసి, ఇంటికొచ్చాక నాకు మాత్రం వాళ్ల తాత కాలం నాటి సేర్లూ ఛటాకులూ నేర్పేవాడు. కిలోల లెక్క ఎవరికైనా వస్తుంది, అందులో పదులూ వందలే కాబట్టి, అనేవాడు. పదహారు ఛటాకులు ఒక సేరు. తలకు పని పెట్టేది ఆ లెక్కే.

"మూడు సేర్ల పది ఛటాకులు. రెండు సేర్ల తొమ్మిది ఛటాకులు. కలుపు బిడ్డా."

"ఐదు సేర్ల పంతొమ్మిది ఛటాకులు బాపు."

"పంతొమ్మిదిల పదహారు పోతే ఒక సేరు ఆయె. ఎంతాయె ఇప్పుడు?"

"ఆరు సేర్ల మూడు."

"గట్ల. ఎడ్లను ఎడ్లతోటి కలుపు, మేకలను మేకలతోటి కలుపు. రెండు ఎడ్లు, మూడు మేకలు కలిపి ఐదు అంటివనుకో, ఏంటియి ఐదు? కాడికి కడుతవా వాటిని?"

పెళ్లై ఈ వీధికి వచ్చిన చాలా ఏళ్లకు గానీ ఆ సేర్ల లెక్కకు పని పడలేదు. పని కల్పించింది మా మండలి పెద్ద. నేను ఆమెను అక్కా అనే పిలిచేదాన్ని, ఇక్కడా అట్లాగే రాస్తాను. డిగ్రీ చదివింది, ఇంట్లో పిల్లలకు ట్యూషన్ చెప్పేది. చుక్క పెట్టినట్టు మాట్లాడేది. ఆమె మాట అయిందంటే వీధిలో ఇంక పంచాయితీ ఉండేది కాదు. మా ఆయన నిజామాబాద్ దవాఖానాలో పన్నెండు రోజులు పడి ఉన్నప్పుడు, బోధన్ నుంచి బస్సెక్కి రోజు విడిచి రోజు టిఫిన్ డబ్బా పట్టుకొచ్చింది. నాకు స్తోత్రాలు కూడబలుక్కుని చదవడం నేర్పింది ఆమే. తప్పు చదివితే నవ్వేది కాదు. ఆమె చేసింది రాయబోతూ కూడా ఈ రెండు మాటలూ రాయకుండా ఉండలేను. అవి నిజం.

మా మండలిలో పులిహోరకు పేరు తెచ్చిన ఒక పెద్దావిడ ఉండేది. పోయేముందు తన కొలతలు ఒక నోటుపుస్తకంలో రాయించి పోయింది. ఆ పులిహోరే పెట్టాలి, ఆ కొలతలే పాటించాలి అని మండలిలో అందరి పట్టుదల. చిక్కంతా ఆ రాతలోనే ఉంది. అది పది మందికి రాసింది. పైగా ఒక్కో సరుకుకు ఒక్కో కొలత. బియ్యం ఐదు కప్పులు. చింతపండు గుజ్జు ఒక కప్పు, పైన నాలుగు పెద్ద స్పూన్లు. నూనె గుజ్జు ఉడికించడానికి నూట ముప్పై మిల్లీలీటర్లు, తాలింపుకు అరకప్పు. పసుపు రెండు చిన్న స్పూన్లు. ఉప్పు అన్నంలోకి రెండు పెద్ద స్పూన్లు, గుజ్జులోకి నాలుగు చిన్న స్పూన్లు. అక్క నిజామాబాద్ నుంచి కొలత కప్పుల సెట్టు ఒకటి కొని తెచ్చింది. కప్పు అడుగున రెండు వందల నలభై మిల్లీలీటర్లు అనీ, పెద్ద స్పూన్ పిడి మీద పదిహేను అనీ, చిన్న స్పూన్ పిడి మీద ఐదు అనీ అచ్చు గుద్ది ఉంది.

మొదటి ఏడు మండలి ఆడవాళ్లంతా ఆ పుస్తకం చుట్టూ కూర్చుని తలలు పట్టుకున్నారు. రెండు వందల నలభై మందికి కాబట్టి అన్నీ ఇరవై నాలుగు రెట్లు అన్నంత వరకు అందరికీ తెలుసు. ఆ తర్వాత గుజ్జు ఇరవై నాలుగు కప్పుల తొంభై ఆరు స్పూన్లు అని వచ్చేసరికి ఒకామె, "తొంభై ఆరు స్పూన్లు ఎవరు లెక్కవెట్టుకుంట పోస్తరే, తెల్లారుతది" అని నవ్వింది.

నేను కప్పులో నీళ్లు పెద్ద స్పూన్‌తో పోసి చూశాను. పదహారు పట్టాయి. సేరుకు పదహారు ఛటాకులు ఎట్లాగో కప్పుకు పదహారు పెద్ద స్పూన్లు అట్లాగే. నాకు బాపు పక్కన కూర్చున్నట్టే అనిపించింది. తొంభై ఆరులో పదహార్లు ఆరు. ఇరవై నాలుగూ ఆరూ ముప్పై కప్పులు. నూనెలో ఒకటి మిల్లీలీటర్లు, ఇంకొకటి కప్పు, రెండూ నేరుగా కలవవు. అరకప్పును నూట ఇరవై చేసి నూట ముప్పైతో కలిపితే రెండు వందల యాభై. ఇరవై నాలుగు రెట్లు ఆరు లీటర్లు, ప్యాకెట్లు ఆరు. పసుపు నలభై ఎనిమిది చిన్న స్పూన్లు, మూడు చిన్నవి ఒక పెద్దది కాబట్టి పదహారు పెద్దవి, అంటే సరిగ్గా ఒక కప్పు.

"ఇదేందే, బడికి పోనిదానివి మాకందరికి పాఠం చెప్తున్నవ్" అంది అక్క. అందులో ఎగతాళి లేదు, సంతోషమే ఉందని అప్పుడు అనుకున్నాను. ఇప్పటికీ అట్లాగే అనుకోవాలని ఉంది.

నాలుగో ఏడు కల్యాణం ముందురోజు సాయంత్రం కాగితం రాసిచ్చాను. ఉప్పు దగ్గర ఎప్పటిలాగే రెండుసార్లు చూసుకున్నాను. పెద్ద స్పూన్లు రెండు, ఇరవై నాలుగు రెట్లు నలభై ఎనిమిది. చిన్న స్పూన్లు నాలుగు, ఇరవై నాలుగు రెట్లు తొంభై ఆరు. తొంభై ఆరు చిన్నవి ముప్పై రెండు పెద్దవి. నలభై ఎనిమిదీ ముప్పై రెండూ ఎనభై. ఎనభైలో పదహార్లు ఐదు. ఉప్పు ఐదు కప్పులు.

పొద్దున్నే అందరం మడి కట్టుకుని వంటింట్లోకి వచ్చాం. అన్నం గంజి వార్చారు, గుజ్జు ఉడుకుతోంది. అక్క నా దగ్గరకు వచ్చి, "చెల్లె, ఈసారి మండలి తరఫున సంకల్పానికి నువ్వు కూసో" అంది.

"నేనా అక్క? ఎప్పుడు నువ్వే గద కూసుంటవ్."

"ఎప్పుడు నేనేనా? నీకు మాత్రం పుణ్యం వద్దా? పో, అయ్యగారు పిలుస్తున్నరు."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. లోపలికి పోయి కూర్చుని మా అందరి గోత్రాలూ పేర్లూ చెప్పాను. ఆమె పేరు అందరికంటే ముందు చెప్పాను. అరగంటో ముప్పావు గంటో అయి ఉంటుంది. తిరిగి వంటింట్లోకి వచ్చేసరికి పులిహోర కలపడం అయిపోయింది, పైన కరివేపాకు చల్లుతున్నారు. కలిపింది మా వీధి చివర ఉండే అవ్వ. డెబ్భై దాటినా ఆ పెద్ద గరిటె ఆమె చేతిలోనే సులువుగా తిరుగుతుంది. ఆమెకు చదువు రాదు, అంకెలు మాత్రం గుర్తుపడుతుంది. ఉప్పు పోసింది కూడా ఆమే, కాగితం చూసుకుంటూ.

నైవేద్యం అయింది. పంక్తులు కూర్చున్నాయి. మొదటి పంక్తిలో మా వీధివాళ్లు, వాళ్లతోపాటు చెరుకు కొట్టడానికి మరాఠీ దేశం నుంచి వచ్చిన కూలీల కుటుంబాలు కొన్ని. నేను వడ్డించుకుంటూ పంక్తి చివరిదాకా పోయి తిరిగి చూశాను. ఎవరూ తినడం లేదు. ఒకామె ముద్ద నోట్లో పెట్టుకుని, మింగలేక, ఉమ్మడానికి మనసు రాక, చెంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది. ప్రసాదం కదా, ఉమ్మడం ఎట్లా? ఒక పిల్లవాడు మాత్రం నిర్మొహమాటంగా, "ఉప్పు కషం" అన్నాడు.

నేను గరిటెలోంచి కొంచెం చేతిలో వేసుకుని తిన్నాను. నోరు పొక్కిపోయేంత ఉప్పు. అన్నంలో కలిసిపోయిన ఉప్పును ఏం చేస్తాం? ఒకరు మజ్జిగ తెచ్చారు, ఒకరు ఉత్త అన్నం వండి కలుపుదాం అన్నారు. అందరికీ సరిపడా కలపాలంటే ఇంకో ఇరవై కిలోల బియ్యం కావాలి. చివరికి ఆ రోజు జనం దద్ధ్యోజనం ఇంత, శనగలు ఇన్ని తిని వెళ్లారు. దేవుడికి పెట్టిన పులిహోర గంగాళాలకు గంగాళాలు గోతిలో పోసి మట్టి కప్పారు. మట్టి కప్పుతుంటే నేను చూడలేక గోడవైపు తిరిగి నిలబడ్డాను.

అక్కడే, గోడ దగ్గరే, అక్క అందరి ముందు అన్న మాట విన్నాను.

"ఏం చేస్తం మరి. లెక్క చెల్లిది. స్పూన్ల కాడ గలత్ అయినట్టుంది. పాపం, సదువుకోకపాయె. మనమే చూసుకోవాల్సి ఉండె."

పాపం అన్న మాట ఆమె నోట మెత్తగానే వచ్చింది. ఆ మెత్తదనం వల్లే ఎవరూ ఎదురు అడగలేదు. నేను కూడా అడగలేదు. ఆమె అంటే తప్పు నాదే అయి ఉంటుంది అనుకున్నాను. కాగితం కోసం చూశాను గానీ కనబడలేదు. ఆ సందట్లో ఎక్కడో పోయిందనుకున్నాను.

ఆ వారం మండలిలో అనుకుని, నన్ను వంటింట్లోకి రావద్దన్నారు. అదీ అక్కే వచ్చి చెప్పింది. "కొన్నొద్దులు దూరముండు చెల్లె. జనం మర్చిపోనీ. నేను మళ్ల పిలుస్త." సరే అక్క అన్నాను. ఆమెకు టీ పెట్టిచ్చాను.

ఆ తర్వాత నేను పడ్డది ఎవరికీ చెప్పలేదు. నలుగురి ముందు మాట పడ్డందుకు కాదు. దేవుడి అన్నం నా వల్ల మట్టిలోకి పోయిందన్న మాట నిద్రలో కూడా వదిలేది కాదు. శనివారాలు ఒక్కపూట తిండితో ఉండటం మొదలుపెట్టాను. బీడీలు చుడుతూ చుడుతూ ఆపి, ఆకుల మీదే గోటితో లెక్క వేసేదాన్ని. ప్రతిసారీ ఐదు కప్పులే వచ్చేది. ఐదు కప్పులకు అంత ఉప్పన ఎట్లా వస్తుంది? మూడేళ్లు ఐదు కప్పులతోనే కదా బాగా వచ్చింది. అయితే స్పూన్లే మారాయా? నా తలే మారిందా?

ఒకరోజు ఇంట్లో ఉన్న దగ్గు మందు సీసా మూత తీసుకున్నాను. దాని మీద ఐదు, పది, పదిహేను అని గీతలుంటాయి. లెక్క కోసం నా దగ్గరే ఉంచుకున్న ఆ సెట్టులోని చిన్న స్పూన్‌తో నీళ్లు పోస్తే ఐదు గీత దగ్గరకు, మూడు స్పూన్లకు పదిహేను గీత దగ్గరకు వచ్చాయి. పెద్ద స్పూన్‌తో ఒకటి పోస్తే సరిగ్గా పదిహేను. రెండు పెద్దవీ నాలుగు చిన్నవీ గ్లాసులో పోసి, ఆ నీళ్లను మూతతో కొలిచాను. మూడు మూతలు నిండుగా, నాలుగోది ఐదు గీతదాకా. యాభై మిల్లీలీటర్లు. ఇరవై నాలుగు యాభైలు పన్నెండు వందలు. పన్నెండు వందల్లో రెండు వందల నలభైలు ఐదు. ఏ దారిన పోయినా ఐదే. లెక్క తప్పు కాదు. అట్లాగని అక్క అబద్ధం చెబుతుందని నాకు తట్టనే లేదు. అవ్వ కప్పులు లెక్కపెట్టడంలో పొరబడి ఉంటుంది, ముసలిది, ఆమెను అడిగి నొప్పించకూడదు అని ఊరుకున్నాను.

చివరికి అడగాల్సే వచ్చింది. రెండు నెలలైంది అప్పటికి. ఎండాకాలం మొదట్లో మా గడపలో అవ్వా నేనూ కూర్చుని బీడీ ఆకు కత్తిరిస్తున్నాం. పచ్చడికి ఇంగువ కావాలంటే, ఆనాటి వంటలో మిగిలింది తన దగ్గర ఉందని ఇంటికి పోయి పొట్లం తెచ్చిచ్చింది. పొట్లం విప్పాను. అది నా కాగితం.

బియ్యం, గుజ్జు, నూనె, పసుపు అన్నీ నా రాతే. ఉప్పు దగ్గర నా ఐదు మీద అడ్డంగా గీత ఉంది. పక్కన ఎర్ర సిరాతో తొమ్మిది. ట్యూషన్ పిల్లల పుస్తకాలు దిద్దే సిరా అది. అంకె కింద అదే సిరాతో చిన్నగా, రెండు కూడిక నాలుగు ఆరు, ఆరు ఇరవై నాలుగులు నూట నలభై నాలుగు, అందులో పదహార్లు తొమ్మిది.

ఎడ్లూ మేకలూ ఒక్కటైపోయాయి. పెద్ద స్పూన్లు రెండూ చిన్న స్పూన్లు నాలుగూ కలిపి ఆరు స్పూన్లు అనుకుంది. ఆ ఆరింటినీ పెద్దవే అనుకుంది.

"అవ్వా, నువ్వు ఎన్ని కప్పులు పోసినవ్ ఆనాడు?"

"తొమ్మిది. గిండ్ల రాసి ఉండె గద బిడ్డా. నువ్వే రాసినవాయె."

"నేను ఐదు రాసిన."

"ఐదుంటే కొట్టేసి తొమ్మిది చేసినట్టుండె. నువ్వు లోపల పూజల కూసున్నప్పుడు మండలి పెద్దామె వచ్చి, తక్కువ వేసింది పిల్ల, సరిచేసిన అన్నది. నేనేం జేతు? నాకు అంకె తెలుసు గని లెక్క తెల్వదాయె." ఇంకో ఆకు చేతిలోకి తీసుకుని, "మరి ఆనాడు నీ పేరు చెప్తుంటే నువ్వు సప్పుడు చేయలే. నువ్వు ఒప్పుకున్నవేమో అనుకున్న" అంది.

"నువ్వన్న చెప్పకపోతివి అవ్వా."

"నా మనవరాలు ఆమె కాడ్నే ట్యూషన్‌కు పోతది బిడ్డా." ఆమె కత్తెర కిందపెట్టి నా వైపు చూడకుండా ఆకులు సర్దుకుంది.

ఇంగువను వేరే డబ్బాలో పోసి ఆ కాగితం మడిచి పెట్టుకున్నాను. సంకల్పానికి నన్నెందుకు కూర్చోబెట్టిందో అన్న ఆలోచన ఒకటి వచ్చింది. దిద్దేటప్పుడు నేను ఎదురుగా ఉండకూడదనా, లేక నిజంగా పుణ్యం రావాలనా? ఆ ముడి నాకు ఇప్పటికీ విడలేదు. అడగాలనుకున్నాను, అడగలేదు. జవాబు ఏదైనా భరించలేనేమో అనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె ఇంటికి పోయాను. ట్యూషన్ పిల్లలు ఇంకా రాలేదు. కాగితం టీపాయ్ మీద విప్పి పెట్టాను. ఆమె చూసింది.

"ఎప్పుడు తెలిసింది అక్క నీకు?"

"ఆనాడు సాయంత్రమే. ఇంటికొచ్చినంక మళ్ల చేసి చూసిన. నీదే కరెక్టు." చాలా మామూలుగా అంది. "పొద్దున పరేషాన్‌ల ఉన్న. ఐదు కప్పులు రెండు వందల నలభై మందికి ఏం సరిపోతది అనిపించింది."

"మూడేండ్లు సరిపోయింది గద."

"యాదిలేదే అప్పుడు."

"మరి సాయంత్రం తెలిసినంక అందరికీ ఎందుకు చెప్పలే?"

ఆమె కిటికీ వైపు చూస్తూ మాట్లాడింది. "నువ్వే ఆలోచించు చెల్లె. నేను పిల్లలకు లెక్కలు చెప్తున్న. రెండు స్పూన్లు కలపరాలేదంటే ఏ తల్లి తన పిల్లను నా కాడికి పంపిస్తది? నీకైతే పోయేదేముంది? నువ్వు సదువుకోలే అని అందరికి తెలుసు. నీ తప్పు అంటే ఎవరూ ఏమనరు. అన్నరా ఎవరన్న? ఒక్కరన్న తిట్టిండ్రా నిన్ను?"

ఎవరూ తిట్టలేదు. నిజమే. నా నుంచి పోయిందేమిటో ఆమెకు తెలియదా? పొయ్యి ముందు నిలబడే చోటు పోయింది. ఈ వీధిలో నాకు దేవుడు ఇచ్చింది అదొక్కటే అని ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు? బాపు నేర్పిన లెక్క తప్పని నలుగురితో అనిపించింది, నాతో కూడా అనిపించింది. రెండు నెలలు ప్రతి శనివారం నేను ఒక్కపూట ఉన్నాను. ఈ మాటలన్నీ గొంతులో ఉన్నాయి. బయటికి మాత్రం, "శనివారాలు ఉపాసముంటున్న అక్క, నా తప్పే అనుకుని" అని వచ్చింది.

అప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకుంది. కళ్లు తడిశాయి, అది నటన అనను. "గట్లనా? అయ్యో. శుక్రవారం భజనల నేనే అందరికి చెప్త. ఈ కాగితం చూపించి చెప్త. నీ చోటు నీకే. నా కాడ పెట్టిపో."

నేను పెట్టిపోయాను. దవాఖానా బెంచీ మీద నా పక్కన టిఫిన్ డబ్బా విప్పిన చేతులవి. ఆ చేతుల్లో పెట్టడానికి నాకు అనుమానం రాలేదు. ఇంటికొచ్చాక మా ఆయన విని, "కాగితం ఇచ్చినవా? ఒక ఫోటోనన్న తీసుకుంటివా ఫోన్ల?" అన్నాడు. తీసుకోలేదు అన్నాను. ఆయన గ్లాసు కడుక్కుని బయటికి పోయాడు.

శుక్రవారం అందరికంటే ముందు పోయి కూర్చున్నాను. తాళాలు మోగాయి, ఒక్కో పాటా అయిపోతోంది. హారతికి ముందు ఆమె లేచి నిలబడింది. వచ్చే నెలలో మళ్లీ రెండు వందల నలభై మందికి అన్నదానం ఉంది, చందాలు ఇంతవరకు వచ్చాయి, అంది. తర్వాత నా వైపు చూడకుండానే, "పోయినసారి లెక్క ఈసారి కావద్దు. కొలతలు ఈసారి నేనే చూసుకుంట. ఎవరు పరేషాన్ కావద్దు" అంది. నా పక్కన కూర్చున్నామె మోచేత్తో పొడిచి, "మంచిగైంది, నీకు బరువు తప్పింది" అని గుసగుసగా నవ్వింది.

అప్పుడే లేచి చెప్పి ఉండవచ్చు. చెప్పాల్సింది అని మా ఆయన అంటాడు. చేతిలో కాగితం లేదు, అవ్వ తల వంచుకుని కూర్చుంది, అంతలో ఎదురుగా హారతి వెలిగించారు. హారతి ముందు గొడవ చేసే నోరు కాదు నాది. చేతులు జోడించాను. ఆమె హారతి పళ్లెం అందరి ముందూ తిప్పుతూ నా దగ్గరికీ తెచ్చింది, నేను కళ్లకద్దుకున్నాను. పళ్లెం పక్కకు పోయేదాకా ఆమె కళ్లు నా మొహం మీద పడలేదు. భజనకు పోవడం ఆ తర్వాత మానలేదు గానీ, చివరి వరుసలో కూర్చునేదాన్ని.

అన్నదానం రోజున వంటింటి గుమ్మం దాకా కూడా పోలేదు. పూజ అయ్యాక తినేవాళ్లతోపాటు పంక్తిలో కూర్చున్నాను. ఎడమవైపు చెరుకు కొట్టేవాళ్ల ముసలామె, కుడివైపు ఎవరో బస్సు దిగి వచ్చినవాళ్లు. పెళ్లైన తర్వాత మండలి హాలులో ఆకు ముందు కూర్చోవడం అదే మొదలు, ఎప్పుడూ వడ్డించేదాన్నే. అవ్వ గరిటె పట్టుకుని వచ్చి నన్ను చూసి ఆగింది. రెండు గరిటెలు వేసింది. అంతలోనే మూడోది కూడా వేసింది.

మొదటి ముద్దకే తెలిసింది. పులుపు, కారం, ఉప్పు అన్నీ దేని చోట అవి ఉన్నాయి. పక్కన ముసలామె మరాఠీలో ఏదో మెచ్చుకుని ఇంకొంచెం అడిగింది. ఆ ఉప్పు నాకు తెలియనిది కాదు. నలభై ఎనిమిదీ ముప్పై రెండూ ఎనభై, ఎనభైలో పదహార్లు ఐదు. కాగితం చింపెయ్యలేదన్నమాట. ఎర్ర గీతను పక్కకు పెట్టి, కొట్టేసిన అంకెనే పోయించింది.

పంక్తి మధ్య నడుస్తూ అక్క అందరినీ అడుగుతోంది, "ఎట్లుంది, ఉప్పు మంచిగుందా?" మంచిగుంది, మస్తుంది అంటున్నారు అందరూ. నా ముందు వచ్చి ఆగింది. అలవాటు మీద ఆ ప్రశ్న ఆమె నోటిదాకా వచ్చింది, అక్కడే ఉండిపోయింది.

"మంచిగుంది అక్క," అన్నాను. "ఐదే గద."

ఆమె ముందుకు వెళ్లిపోయింది. నేను ఆకులో మెతుకు మిగల్చకుండా తిన్నాను. ఆకు మడిచి లేచి, చేతులు కడుక్కోవడానికి కొళాయి దగ్గరి వరుసలో నిలబడ్డాను.